ఎక్కువమంది తెరిచిందే మంచి సబ్జెక్ట్ లైనా?

మంగళగిరి కాటన్ చీరలు నేయించి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. వ్యాపారం అక్కది, కంప్యూటర్ పని తమ్ముడిది. ఇంతకుముందు కొన్నవాళ్లు, వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు కలిపి 8,000 మంది ఈమెయిల్ అడ్రసులు వాళ్ల దగ్గరున్నాయి. అందులో సగం హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు వాళ్లవి, మిగతా సగం అమెరికాలో స్థిరపడ్డవాళ్లవి. కొత్త సరుకు దిగినప్పుడల్లా అందరికీ ఒక మెయిల్ వెళ్తుంది.

ఈసారి తమ్ముడు ఆ 8,000 మందినీ లాటరీ తీసినట్టు రెండు సగాలు చేసి, ఇద్దరికీ ఒకే మెయిల్ పంపాడు. ఫొటోలు అవే, ధరలు అవే, పంపిన నిమిషం కూడా అదే. సబ్జెక్ట్ లైన్లు మాత్రం వేరు. మొదటి సగానికి వెళ్లింది ‘ఇది మిస్ అయితే మళ్లీ దొరకదు!’ రెండో సగానికి వెళ్లింది ‘మంగళగిరి కాటన్ చీరలు, 12 కొత్త రంగులు, ₹1,450 నుంచి’. రెండు రోజులు ఆగి, రెండు రిపోర్టులకూ స్క్రీన్‌షాట్ తీసి అక్కకి పంపాడు. వాటిలో ఉన్న అంకెలివి.

| | మొదటిది (‘మిస్ అయితే’) | రెండోది (‘12 కొత్త రంగులు’) |
|---|---|---|
| చేరిన మెయిళ్లు | 3,940 | 3,944 |
| తెరిచినవాళ్లు | 1,655 (42.0%) | 1,459 (37.0%) |
| లింకు నొక్కినవాళ్లు | 67 (1.7%) | 110 (2.8%) |
| అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు | 27 (0.7%) | 9 (0.2%) |

“మొదటిదే గెలిచింది అక్కా, ఐదు శాతం ఎక్కువ మంది తెరిచారు” అన్నాడు తమ్ముడు. “తెరిస్తే సరిపోతుందా, చీర చూసిందెంతమంది?” అని అక్క అడిగింది. ఈ అంకెలు మనం ఉదాహరణ కోసం వేసుకున్నవే. కానీ ఈమెయిల్‌తో వ్యాపారం చేసేవాళ్లు, స్వచ్ఛంద సంస్థలు నడిపేవాళ్లు, పత్రికలు పంపేవాళ్లు రోజూ పడే వాదన ఇదే. ఒక స్క్రీన్‌షాట్‌లో మూడు అంకెలు మూడు రకాలుగా చెబుతుంటే, ఏ మాట వినాలి?

‘తెరిచారు’ అని ఎలా తెలుస్తుంది?

మనం మెయిల్ తెరిచినట్టు పంపినవాళ్లకి తెలియడానికి ఈమెయిల్‌లో సొంతంగా నమ్మదగిన ఏర్పాటేదీ లేదు. అందుకని మెయిల్ పంపే సంస్థలు ఒక చిన్న ఉపాయం చేస్తాయి. మెయిల్ చివర ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉండే కంటికి కనబడని బొమ్మ పెడతాయి. ఒక్కొక్కరికి పంపే బొమ్మకి ఒక్కో అడ్రసు ఉంటుంది. మెయిల్ తెరవగానే ఫోన్ ఆ బొమ్మని సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. ఎవరి బొమ్మ కోసం అడిగారో సర్వర్‌కి తెలుసు కాబట్టి, వాళ్లు తెరిచారని రాసుకుంటుంది. ఓపెన్ రేటు అంటే ఇదే. ఎంతమంది చదివారన్నది కాదు, ఎన్ని ఫోన్లు ఆ బొమ్మని తెచ్చుకున్నాయన్నది.

ఈ పద్ధతి మొదట్నుంచీ అరకొరే. బొమ్మలు రాకుండా ఆపుకున్నవాళ్లు మెయిల్ మొత్తం చదివినా లెక్కలోకి రారు. ఇంకో చిక్కు తెలుగులో మెయిల్ రాసేవాళ్లకే ఎక్కువ. మెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించేసి, మొత్తం చూడాలంటే నొక్కమని ఒక లింకు పెడుతుంది. కనబడని బొమ్మ చివర్లో ఉంటే అదీ ఆ కత్తిరింపులో పోతుంది, చదివినా తెరవనట్టే లెక్క. తెలుగు అక్షరాలకీ గుణింతపు గుర్తులకీ కంప్యూటర్‌లో ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి, ఇంగ్లీషు అక్షరానికి ఒకటి చాలు. అందుకే అంతే పొడవున్న తెలుగు మెయిల్ ఆ హద్దుకి ముందే చేరుతుంది.

2021 సెప్టెంబరులో ఆపిల్ చేసిన మార్పుతో ఈ లెక్క ఇంకా తారుమారైంది. ఐఓఎస్ 15తో పాటు ‘మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్’ అనే ఏర్పాటు తెచ్చింది. దాన్ని ఎంచుకున్నవాళ్లకి, ఆపిల్ మెయిల్ యాప్‌లోకి వచ్చిన మెయిళ్లలోని బొమ్మల్ని ఆపిల్ సర్వర్లు ముందే తెచ్చి పెడతాయి. మనిషి తెరిచినా తెరవకపోయినా రిపోర్టులో ‘తెరిచారు’ అని పడుతుంది. ఇది ఆపిల్ మెయిల్ యాప్ వాడేవాళ్ల సంగతి. ఐఫోన్‌లోనే జీమెయిల్ యాప్ వాడేవాళ్లకి వర్తించదు.

మన దుకాణం లెక్క ఇప్పుడు మళ్లీ చూద్దాం. అమెరికాలో ఐఫోన్లు ఎక్కువ. ఒక్కో సగంలో 1,100 ‘ఓపెన్లు’ ఇలా యంత్రం తెరిచినవే అనుకుందాం. వాటిని తీసేస్తే మొదటి సబ్జెక్ట్ లైన్‌కి 555, రెండోదానికి 359 మిగులుతాయి. ఆ ఆపిల్ వాళ్లని చేరినవాళ్ల లెక్కలోంచి కూడా తీసేస్తే ఓపెన్ రేటు 42కి బదులు 19.5 శాతం, 37కి బదులు 12.6 శాతం అవుతుంది. ఆ 1,100 మందిలో నిజంగా చదివినవాళ్లు కూడా ఉంటారు, కానీ ఎవరో విడదీయలేం.

ఇందులో ఒక విషయం గమనించాలి. జనాన్ని సరిగ్గా కలగలిపి పంచినప్పుడు యంత్రం తెరిచినవి రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతాయి. కాబట్టి ఎవరు ముందున్నారన్నది సాధారణంగా మారదు. మారేది ఆ అంకెల స్థాయి, మధ్యనున్న తేడా. 42, 37 చూస్తే కొంచెమే తేడా అనిపిస్తుంది. మనుషుల లెక్కకి వస్తే మొదటి సబ్జెక్ట్ లైన్ సగానికి పైగా ఎక్కువ మందిని తెరిపించింది. తమ్ముడు చెప్పింది ఒక రకంగా నిజమే.

పంపకం సరిగ్గా లేకపోతే మాత్రం గెలుపోటములే తిరగబడతాయి. ఒక సబ్జెక్ట్ లైన్ అమెరికా వాళ్లకి, ఇంకోటి ఇక్కడివాళ్లకి పంపి ఉంటే, అమెరికా స్క్రీన్‌షాట్‌లో ఓపెన్ రేటు ఎక్కువ ఉండడానికి ఐఫోన్లే చాలు. అప్పుడు మనం పోల్చేది రెండు సబ్జెక్ట్ లైన్లని కాదు, రెండు దేశాల ఫోన్లని. మెయిల్‌చింప్ లాంటి కొన్ని సాధనాల్లో ఆపిల్ ఓపెన్లని తీసేసి చూసే వీలుంది. ఒక స్క్రీన్‌షాట్ ఆ ఏర్పాటుతో, ఇంకోటి అది లేకుండా తీసినా పోలిక చెడుతుంది.

తీర్పు చెప్పాల్సింది క్లిక్కే

లింకు నొక్కడానికి వేలు కదలాలి. అందుకే క్లిక్కు ఓపెన్ కంటే నమ్మదగిన గుర్తు. ‘మిస్ అయితే మళ్లీ దొరకదు’ అని చూసి చాలామంది ఏమిటో అనుకుని తెరిచారు. లోపల చీరలు కనబడ్డాయి. చీరల కోసం చూస్తున్నవాళ్లు కొందరే కాబట్టి మిగతావాళ్లు మూసేశారు. రెండో సబ్జెక్ట్ లైన్ చీరలని, రంగులని, ధర ఎక్కడ మొదలవుతుందని ముందే చెప్పేసింది. అక్కర లేనివాళ్లు తెరవనేలేదు, తెరిచినవాళ్లు లోపలికి వెళ్లి చూశారు. 67కి 110.

క్లిక్ రేటుని దేంతో భాగించారో చూసుకోవాలి. మన పట్టికలో చేరిన మెయిళ్లతో భాగించాం. మెయిల్‌చింప్ రిపోర్టులో దీంతో పాటు Clicks per unique opens అని ఇంకో అంకె ఉంటుంది. అది తెరిచినవాళ్లలో నొక్కినవాళ్ల శాతం. మన ఉదాహరణలో అది 4.0, 7.5. ఒక స్క్రీన్‌షాట్‌లోంచి ఇదీ, ఇంకో దాంట్లోంచి అదీ తీసుకుని పోల్చేవాళ్లు తక్కువేం కాదు. Total clicks అన్న అంకెతోనూ జాగ్రత్తగా ఉండాలి. ఒకే మనిషి ఆరు చీరలు నొక్కి చూస్తే అక్కడ ఆరు పడుతుంది. మనకి కావాల్సింది ఎంతమంది నొక్కారన్నది.

తెరిచినవాళ్లలో శాతం తీయడం మెయిల్ లోపలి సరుకు ఎలా ఉందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. సబ్జెక్ట్ లైన్‌ని ఎంచడానికి అది సరైన కొలత కాదు. వెయ్యిమందిలో పదిమందే తెరిచేంత చప్పగా సబ్జెక్ట్ లైన్ ఉండి, ఆ పదిమందిలో ఐదుగురు నొక్కితే 50 శాతం వస్తుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, వచ్చింది ఐదు క్లిక్కులు. భాగించే అంకెని కూడా సబ్జెక్ట్ లైనే మారుస్తోంది కాబట్టి ఈ తిరకాసు. దానికి తోడు ఆపిల్ ఓపెన్లు కూడా ఆ అంకెలోనే కలిసి ఉంటాయి. చేరిన మెయిళ్లతో భాగిస్తే ఈ రెండు బెడదలూ ఉండవు.

క్లిక్కుల్లోనూ మనుషులవి కానివి ఉంటాయి. ఆఫీసు మెయిళ్లకి కాపలా కాసే భద్రతా సాఫ్ట్‌వేర్లు, వైరస్ లింకులేమైనా ఉన్నాయేమోనని మనిషి చూడకముందే లింకులన్నీ నొక్కి చూస్తాయి. ఇది పట్టుకోవడం కష్టం కాదు. మెయిల్ చేరిన కొన్ని క్షణాల్లోనే, ఒకే అడ్రసు నుంచి, పైనున్న చీర నుంచి అడుగునున్న ఫేస్‌బుక్ గుర్తు దాకా అన్నీ ఒకేసారి నొక్కినట్టుంటే అది మనిషి పని కాదు. సొంత జీమెయిల్ అడ్రసులిచ్చే చీరల ఖాతాదార్లలో ఇది తక్కువ. కంపెనీలకి మెయిల్ పంపేవాళ్లకి మాత్రం పెద్ద తలనొప్పి.

అసలు గమ్యం ఇంకా ముందుంటే అక్కడే కొలవడం మేలు. 2012 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో బరాక్ ఒబామా ప్రచార బృందం ఇదే చేసింది. విరాళాల కోసం పంపే మెయిళ్లకి రకరకాల సబ్జెక్ట్ లైన్లు, పాఠాలు రాసి, ముందు కొద్దిమందికి పంపి, ఎక్కువ డబ్బు తెచ్చినదాన్ని మిగతా అందరికీ పంపేవారు. ఆ ఏడాది జూన్‌లో అలా గెలిచిన I will be outspent అన్న సబ్జెక్ట్ లైన్ 26 లక్షల డాలర్లకు పైగా తెచ్చింది. ఏది గెలుస్తుందో ముందుగా ఊహించడం తమ చేతకాలేదని ఆ బృందం వాళ్లే తర్వాత చెప్పారు. వాళ్ల దగ్గర లక్షల్లో అడ్రసులున్నాయి కాబట్టి విరాళాల దాకా వెళ్లి కొలవగలిగారు. మన చీరల దుకాణానికి ఒక్కో మెయిల్‌కి వచ్చే ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అంత చిన్న అంకెలతో రెండు సబ్జెక్ట్ లైన్ల మధ్య తేడా తేల్చలేం. అందుకే క్లిక్కు దగ్గర ఆగాల్సి వస్తుంది.

శాతాలు పక్కనపెట్టి తలలు లెక్కపెట్టండి

ఇదే దుకాణం దగ్గర 8,000కి బదులు 600 అడ్రసులే ఉన్నాయనుకుందాం. 300 మందికి ఒకటి, 300 మందికి ఇంకోటి పంపారు. మొదటిదానికి 5 క్లిక్కులు, రెండోదానికి 8. స్క్రీన్‌షాట్‌లో 1.7 శాతం, 2.7 శాతం అని కనిపిస్తుంది. పై పట్టికలోని శాతాలకి ఇవి దాదాపు కవల పిల్లలే. కానీ ఇక్కడ తేడా ముగ్గురు మనుషులు. ఆ రోజు ముగ్గురు బస్సులో ఖాళీగా కూర్చుని ఫోన్ చూసుకుంటే వచ్చే తేడా అది.

తేడా నిజమా, కాకతాళీయమా అని చూడ్డానికి ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో చేసుకోగల లెక్క ఒకటుంది. రెండు సగాలూ సమానంగా ఉన్నప్పుడు, రెండు వైపుల క్లిక్కులనీ కూడండి. ఆ మొత్తానికి వర్గమూలం తీసి రెండుతో గుణించండి. రెండు వైపుల మధ్య తేడా అంతకంటే ఎక్కువ ఉంటే దాన్ని పట్టించుకోవచ్చు. తక్కువుంటే ఏదీ గెలవలేదనే అర్థం.

300 మంది లెక్కలో 5, 8 కలిపితే 13. వర్గమూలం సుమారు 3.6, దానికి రెట్టింపు 7.2. తేడా 3 మాత్రమే. తేలలేదు. పెద్ద లెక్కలో 67, 110 కలిపితే 177. వర్గమూలం 13.3, రెట్టింపు 26.6. తేడా 43, హద్దు బాగానే దాటింది. రెండు సబ్జెక్ట్ లైన్లకీ నిజంగా ఒకే సత్తా ఉంటే, ఈ హద్దు దాటేంత తేడా నూటికి ఐదుసార్లు మించి రాదు. ఈ లెక్క వెనకున్నది గణాంక శాస్త్రంలో అందరూ వాడే సూత్రమే. క్లిక్కులు, అన్‌సబ్‌స్క్రైబ్‌లు లాంటి చిన్న శాతాలకి బాగా సరిపోతుంది. ఓపెన్ల లాంటి పెద్ద శాతాలకి కొంచెం కఠినంగా ఉంటుంది, అంతే.

దీన్ని వాడేటప్పుడు ఒక షరతు. ఎప్పుడు చూడాలో ముందే అనుకుని, అప్పుడే చూడాలి. గంటకోసారి రిపోర్టు తెరుస్తూ, హద్దు దాటిన క్షణాన ‘గెలిచింది’ అని స్క్రీన్‌షాట్ తీస్తే, కాకతాళీయంగా వచ్చిన తేడా కూడా ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది.

మరి 600 అడ్రసులే ఉన్నవాళ్లు ఏం చేయాలి? ఒక్క పోటీతో తేల్చే ఆశ వదులుకుని, సబ్జెక్ట్ లైన్ల తీరుని పరీక్షించాలి. ప్రతిసారీ ఒక సగానికి ఊరించే సబ్జెక్ట్ లైన్, ఇంకో సగానికి సరుకు పేరు, ధర చెప్పే సబ్జెక్ట్ లైన్ పంపుతూ, ప్రతిసారీ సగాలని కొత్తగా కలగలపాలి. పదిసార్లు అలా పంపాక ఒక తీరుకి వచ్చిన క్లిక్కులన్నీ ఒకవైపు, ఇంకో తీరువి ఇంకోవైపు కూడి పై లెక్క వేయొచ్చు. పది మెయిళ్లలో 50కి 80 వస్తే మొత్తం 130, వర్గమూలం 11.4, రెట్టింపు 22.8, తేడా 30. అప్పుడు తేలినట్టు.

వెళ్లిపోయినవాళ్లు చెప్పేదేమిటి?

మొదటి సబ్జెక్ట్ లైన్‌కి 27 మంది, రెండోదానికి 9 మంది జాబితాలోంచి తప్పుకున్నారు. కూడితే 36, వర్గమూలం 6, రెట్టింపు 12, తేడా 18. ఇదీ నిజమైన తేడానే.

ఇక్కడ తమ్ముడికి ఒక మంచి ప్రశ్న రావాలి. మొదటిదాన్ని ఎక్కువమంది తెరిచారు కాబట్టి, అడుగునున్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా ఎక్కువమందికి కనబడింది కదా? నిజమే, కొంత తేడా దానివల్లే వస్తుంది. యంత్రం తెరిచినవి తీసేశాక మొదటిదాన్ని తెరిచింది రెండోదాని కంటే ఒకటిన్నర రెట్లు. వెళ్లిపోయింది మాత్రం మూడు రెట్లు. ఎక్కువ తెరవడం ఒక్కటే కారణమైతే 9కి 14 అయ్యేది, 27 కాదు. మిగతాది ఊరించి తెరిపించారన్న చిరాకే అయ్యుండాలి.

అన్‌సబ్‌స్క్రైబ్ అంకె పూర్తి కథ చెప్పదు. విసుగొచ్చినవాళ్లలో కొందరు అడుగుకి వెళ్లి లింకు వెతికే ఓపిక లేక ‘స్పామ్’ అని నొక్కేస్తారు. మెయిల్‌చింప్ రిపోర్టులో Abuse reports అని ఒక వరస ఉంటుంది. అక్కడ సున్నా ఉంది కదా అని సంతోషపడితే పొరపాటు. జీమెయిల్‌లో ఎవరు స్పామ్ అని నొక్కారో గూగుల్ మెయిల్ పంపే సంస్థలకి పేరుపేరునా చెప్పదు. మన ఖాతాదార్లలో ఎక్కువమందివి జీమెయిల్ అడ్రసులే. వాళ్ల ఫిర్యాదుల శాతం గూగుల్ ఇచ్చే పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో, డొమైన్ మొత్తానికి కలిపి కనిపిస్తుంది, అదీ పంపే మెయిళ్లు తగినన్ని ఉంటేనే.

ఆ శాతానికి విలువ పెరిగింది 2024 ఫిబ్రవరి నుంచి. జీమెయిల్ అడ్రసులకి రోజుకి 5,000 పైగా మెయిళ్లు పంపేవాళ్లకి గూగుల్ అప్పుడు కొత్త నిబంధనలు పెట్టింది. ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలి. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉంచుకోవాలి, 0.3 శాతానికి చేరనివ్వకూడదు. మన 8,000 మందిలో ఆరు వేలమంది జీమెయిల్ వాళ్లయితే ఈ దుకాణం కూడా ఆ లెక్కలోకి వచ్చేస్తుంది. హద్దు దాటితే తర్వాతి మెయిళ్లు స్పామ్ పెట్టెలోకి పోవచ్చు. రిపోర్టులో అవి కూడా ‘చేరినవి’గానే కనబడతాయి, ఎందుకంటే ‘చేరింది’ అంటే అవతలి సర్వర్ తీసుకుందని మాత్రమే, ఇన్‌బాక్స్‌లో పడిందని కాదు.

రెండు స్క్రీన్‌షాట్లూ ఒకే పందెంలోవేనా?

ఇప్పటిదాకా వేసిన లెక్కంతా, తమ్ముడు జనాన్ని కలగలిపి ఒకే నిమిషంలో పంపాడన్న నమ్మకం మీద నడిచింది. చేతికి రెండు స్క్రీన్‌షాట్లు మాత్రమే వచ్చి, వెనక కథ తెలియనప్పుడు ముందు చూడాల్సింది అదే. ఒకటి ఆషాఢంలో పంపింది, ఇంకోటి వరలక్ష్మీవ్రతానికి వారం ముందు పంపింది అయితే రెండోదానికి క్లిక్కులు ఎక్కువ రావడంలో సబ్జెక్ట్ లైన్ గొప్పేమీ లేదు. ఒకటి ఆరునెలలు మౌనంగా ఉండి పంపిన మొదటి మెయిల్ అయితే ‘వీళ్లెవరు?’ అనుకుని తప్పుకునేవాళ్లు ఎక్కువ ఉంటారు, సబ్జెక్ట్ లైన్ ఏదైనా సరే.

స్క్రీన్‌షాట్ ఎప్పుడు తీశారన్నది కూడా అంతే ముఖ్యం. మన దుకాణం మెయిల్ వేసవిలో ఉదయం 7 గంటలకి బయల్దేరిందనుకుందాం. న్యూయార్క్‌లో అప్పుడు ముందురోజు రాత్రి 9:30. తొమ్మిదింటికి స్క్రీన్‌షాట్ తీస్తే అందులో కనబడేది చాలావరకు ఇక్కడివాళ్ల స్పందనే, అమెరికా వాళ్లలో ఎక్కువమంది పడుకునే వేళ అది. ధర రూపాయల్లో కనబడగానే ఇక్కడివాళ్లు ఎగబడి, అక్కడివాళ్లు పట్టించుకోకపోవచ్చు, లేదా తిరగబడవచ్చు. ‘రెండు గంటలు చూసి గెలిచినదాన్ని మిగతావాళ్లకి పంపు’ అని సాధనంలో పెట్టేస్తే, ఇక్కడి తీర్పుని అక్కడివాళ్ల మీద రుద్దినట్టవుతుంది. రెండు స్క్రీన్‌షాట్లూ పంపిన 48 గంటలకి తీసుకుంటే రెండు దేశాల వాళ్లకీ రెండేసి పగళ్లు దొరుకుతాయి.

మెయిల్ కింద కనబడే చిన్న వాక్యం, పంపినవారి పేరు కూడా సరిచూడాలి. సబ్జెక్ట్ లైన్ పక్కన ఇన్‌బాక్స్‌లో కనబడేవి ఇవే. ఒకదానికి దుకాణం పేరు, ఇంకోదానికి అక్క పేరు పెట్టి ఉంటే జనం దేన్ని చూసి తెరిచారో ఎవరూ చెప్పలేరు.

క్లిక్కులు పెరిగి, జనం తగ్గితే?

మన పట్టికలో తీర్పు తేలిక. రెండో సబ్జెక్ట్ లైన్‌కి క్లిక్కులు ఎక్కువ, వెళ్లిపోయినవాళ్లు తక్కువ. నిజంగా తల పట్టుకోవాల్సింది అంకెలు రెండు వైపులా లాగినప్పుడు. ‘ఈ రాత్రి 12 దాకానే: మంగళగిరి చీరలపై 20% తగ్గింపు’ అని మూడోది పంపితే 150 మంది నొక్కి, 25 మంది తప్పుకున్నారనుకుందాం. రెండోదానికంటే 40 క్లిక్కులు ఎక్కువ, 16 మంది మనుషులు ఎక్కువ పోయారు. రెండు తేడాలూ వర్గమూలం హద్దు దాటుతున్నాయి.

ఒక మనిషి పోతే ఎంత నష్టమో క్లిక్కుల్లోకి మార్చి చూడొచ్చు. దుకాణం నెలకి రెండు, ఏడాదికి 24 మెయిళ్లు పంపుతుంది. ఒక్కో మెయిల్‌కి 2.8 శాతం క్లిక్కు లెక్కన జాబితాలో ఒక మనిషి ఏడాదికి సగటున 0.67 క్లిక్కు ఇస్తారు. 16 మంది పోతే ఏడాదిలో సుమారు 11 క్లిక్కులు పోతాయి. వచ్చింది 40. పైగా వెళ్లిపోయేవాళ్లు సగటు కంటే తక్కువ నొక్కేవాళ్లే అయ్యుంటారు, కాబట్టి అసలు నష్టం ఇంకా తక్కువ. ఒక్కసారికి చూస్తే మూడోదే మేలు.

ప్రతిసారీ అదే పంథా పట్టుకుంటే లెక్క వేరు. మెయిల్‌కి 0.63 శాతం చొప్పున ఏడాదిలో 24 సార్లు పోతే జాబితాలో 14 శాతం కరిగిపోతుంది. 0.23 శాతం చొప్పున అయితే 5 శాతమే. 8,000 మందిలో ఆ తేడా దాదాపు 700 మంది. పైగా ‘ఈ రాత్రి దాకానే’ అన్న మాట నెలకి రెండుసార్లు వింటే మూడో నెలకి ఎవరూ నమ్మరు, ఆ 150 క్లిక్కులు అలాగే వస్తాయన్న పూచీ లేదు. కాబట్టి అక్క తీసుకోదగ్గ నిర్ణయం ఇది: మామూలు మెయిళ్లకి రెండో తీరు, నిజంగా తగ్గింపు పెట్టే ఏడాదికి రెండు మూడు సందర్భాలకి మూడో తీరు. ‘మిస్ అయితే మళ్లీ దొరకదు’కి ఈ జాబితాలో చోటు లేదు.

ఈ నిర్ణయం ఆర్నెల్ల తర్వాత కూడా అర్థం కావాలంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే దాచితే చాలదు. ఫైలు పేరులోనే పంపిన తేదీ, గంట, స్క్రీన్‌షాట్ ఎన్ని గంటలకి తీశారో రాసుకోవాలి. పక్కన ఒక వరసలో సబ్జెక్ట్ లైన్ మొత్తం, ఎవరికి వెళ్లింది, ఎన్ని చేరాయి, ఎంతమంది నొక్కారు, ఎంతమంది తప్పుకున్నారు, ఆపిల్ ఓపెన్లు కలిపారా తీశారా అన్నవి ఉండాలి. శాతాలు రాసుకోకపోయినా ఫరవాలేదు, ఎప్పుడైనా తీసుకోవచ్చు. తలల లెక్క లేకుండా శాతం మాత్రమే మిగిలితే, ఆ 2.8 వెనక 110 మంది ఉన్నారో, ఎనిమిది మంది ఉన్నారో తర్వాత తెలుసుకునే దారి లేదు.